తాతయ్య దుబాయ్ వాచీ చెప్పే లెక్క

ప్రశ్న: ఇంటర్ అయింది. తాతయ్య దుబాయ్‌లో కొన్న పాత సీకో 5 ఆటోమేటిక్ నా దగ్గరుంది. అది ఏ మోడలో, ఎంతకు పోతుందో ఎలా తెలుసుకోవాలి? పాత వాచీల కొనుగోలు అమ్మకాలే వృత్తిగా పెట్టుకోవచ్చా సార్?

జవాబు: ముందు క్రౌన్, అంటే టైమ్ సరిచేసే పక్క మీట చూడండి. పాత సీకో 5ల్లో చాలావాటికి అది మూడు దగ్గర కాకుండా నాలుగు దగ్గర, కేస్‌లోకి కాస్త నక్కి ఉంటుంది. చెయ్యి ఆడితే చాలు, రోజూ కీ ఇవ్వక్కర్లేదని అలా దాచారు. తర్వాత కేస్ గుండ్రమా, దిండులా ఉబ్బిందా, వారం, తేదీ ఒకే కిటికీలో ఉన్నాయా చూడండి. వారం పేర్లు ఇంగ్లిష్‌తోపాటు అరబిక్‌లో కూడా వస్తుంటే, వాచీ గల్ఫ్ మార్కెట్‌కు తయారైందన్న మాట. తాతయ్య కథకు అది మంచి సాక్ష్యం.

ఈ పోలికలు దారి చూపిస్తాయి, ఖాయం చేసేది వెనక మూత. దాని మీద నాలుగంకెలు, గీత, మరో నాలుగంకెలు ఉంటాయి. మీ మూత మీద మొదటి నాలుగు 6309 అనుకుందాం. అది లోపలి యంత్రం నంబరు, రెండో నాలుగు కేస్‌ది. విడిగా ఉండే ఆరంకెల సీరియల్ 41తో మొదలైతే 4 సంవత్సరం చివరి అంకె, 1 అంటే జనవరి నెల. దశాబ్దం అందులో ఉండదు. 6309 యంత్రం 1974 నాటికి ఇంకా రాలేదు కాబట్టి ఇది 1984 జనవరి.

అసలు మోసం డయల్‌లో ఉంటుంది. పాతదాన్ని గీకి కొత్త రంగు వేసి అమ్ముతారు. తళతళలాడే నీలం డయల్ చూసి నేనూ ఒకసారి మోసపోయాను. భూతద్దంతో ఆరు కింద అంచున ఉన్న సన్నటి అక్షరాలు చూడండి. అక్కడి మొదటి నాలుగంకెలు యంత్రం నంబరుతో కలవాలి, మిగతావి కేస్ నంబరుతో కలవకపోయినా తప్పు కాదు. ఆ వరుసే లేకపోయినా, అక్షరాలు లావుగా అలుక్కుపోయినా, నిమిషాల గీతలు గంటల దగ్గర అతికించిన కడ్డీల ఎదురుగా రాకపోయినా అనుమానించండి.

ధరకు అడిగిన రేటు కాదు, అమ్ముడైన రేటు చూడాలి. eBayలో వెనక మూత మీది ఎనిమిదంకెలు కొట్టి Sold items ఎంచుకోండి. ఉదాహరణకు అదే మోడల్ మూడు 4,000, 4,500, 6,500 రూపాయలకు పోయాయనుకుందాం. 6,500ది సర్వీసు చేసి, అసలు గొలుసుతో అమ్మినది. మీది ఆగి ఆగి నడుస్తుంటే 4,500 దగ్గర మొదలుపెట్టి, సర్వీసు ఖర్చు 1,500 తీసేయండి. 3,000 మిగులుతుంది. డీలర్ తన లాభం చూసుకుని ఇంకా తక్కువే ఇస్తాడు.

వృత్తి సంగతికొస్తే, లాభం దాగి ఉన్నది ఆ 1,500లోనే. సర్వీసు మీరే చేయగలిగితే అది మీ జేబులో ఉంటుంది. కాబట్టి కొనడం మొదలుపెట్టకముందు ఒక ఏడాది మెకానిక్ బల్ల దగ్గర కూర్చోండి, డిగ్రీ మాత్రం పక్కన సాగనివ్వండి. తాతయ్య వాచీ అమ్మకండి, విప్పడం దానిమీదా నేర్చుకోకండి.