పాత డీడీఆర్4 ర్యామ్ ఉంది... ఏ ప్రాసెసర్, ఏ బోర్డు కొనాలి?

*గేమింగ్ పీసీ కట్టించుకుందామనుకుంటున్నా. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, 1080పీ 144 హెర్ట్జ్ మానిటర్ కొనేశాను. స్నేహితుడు 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు రెండు ఇస్తానన్నాడు. ఒక షాపులో ఐ5-12400ఎఫ్, హెచ్610 బోర్డు తీసుకోమన్నారు. ఇంకో చోట రైజెన్ 5 7600, బి650 బోర్డు అన్నారు. ఏది తీసుకుంటే బాటిల్‌నెక్ రాదు?*

రైజెన్ 5 7600, బి650 తీసుకోండి. అయితే ఆ ర్యామ్‌లు దానికి పనికిరావు. ఆ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డులన్నీ డీడీఆర్5 మాత్రమే తీసుకుంటాయి. రెండు రకాల ర్యామ్‌లకూ కింద ఉండే గాటు వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు.

చేతికొచ్చిన ర్యామ్‌ని వదులుకోవడం కష్టంగానే ఉంటుంది. కానీ ర్యామ్ కోసం సాకెట్‌ను ఎంచుకుంటే నాలుగేళ్ల తర్వాత ఇబ్బంది పడతారు. ఐ5-12400ఎఫ్ కూర్చునేది ఎల్‌జీఏ1700 సాకెట్‌లో. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లు అందులో పడతాయి, ఆ తర్వాత వచ్చిన కోర్ అల్ట్రా 200 ప్రాసెసర్లకు సాకెట్టే మారిపోయింది. ఏఎం5 సాకెట్‌కు 2027 వరకూ, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది. అంటే రేపు ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుంటే చాలు, బోర్డు, ర్యామ్ అలాగే ఉంటాయి.

డీడీఆర్5 కొనడానికి డబ్బు సరిపోకపోతే ఐ5-12400ఎఫ్ కూడా మంచిదే, ఆర్‌టీఎక్స్ 4060కి బాగానే సరిపోతుంది. అప్పుడు బోర్డు మాత్రం హెచ్610 కాకుండా బి760 తీసుకోండి. హెచ్610లో ర్యామ్ స్లాట్లు రెండే. ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం కూడా చాలా మోడళ్లలో బలహీనంగా ఉంటుంది, తర్వాత 14వ తరం ఐ7 పెట్టాలంటే ఆగిపోతారు. ఇక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. బి760 బోర్డులు డీడీఆర్4కి వేరుగా, డీడీఆర్5కి వేరుగా వస్తాయి. బాక్స్ మీద మోడల్ పేరు పక్కన D4 లేదా DDR4 అని ఉందో లేదో చూశాకే బిల్లు వేయించుకోండి.

రైజెన్‌కైతే 16 జీబీవి రెండు, 6000 వేగం ఉన్న కిట్ తీసుకోండి. 32 జీబీది ఒక్కటే కొంటే రెండు ర్యామ్‌లూ ఒకేసారి పనిచేసే డ్యూయల్ ఛానల్ పోతుంది, గేముల్లో ఆ తేడా తెలుస్తుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. బోర్డు మీద వాటి పక్కన A2, B2 అని రాసి ఉంటుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌ను బోర్డు సరిచూసుకుంటోందన్నమాట, కంగారుపడి స్విచ్ తీసేయకండి. ఆ తర్వాత బయోస్‌లోకి వెళ్లి, ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే EXPO అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. చాలామంది ఇది మరచిపోతారు. అలా వదిలేస్తే 6000 అని డబ్బు పెట్టి కొన్న ర్యామ్ 4800 దగ్గరే నడుస్తూ ఉంటుంది.

ఇక బాటిల్‌నెక్, అంటే ఒక భాగం వెనకబడి మిగతావాటికి అడ్డుపడటం. మీ మానిటర్ సెకనుకు 144 ఫ్రేములు చూపిస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకు 7 మిల్లీసెకన్లు కూడా ఉండవు. ఆ కాస్త సమయంలోనే ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎటు పోయింది అన్నవన్నీ ప్రాసెసర్ లెక్కగట్టి కార్డుకు అందించాలి. రిజల్యూషన్ పెంచితే ఆ లెక్క దాదాపు పెరగదు, బొమ్మ గీసే కార్డుకే పని పెరుగుతుంది. అందుకే 1080పీలో, అందులోనూ వాలరెంట్ లాంటి తేలికైన గేముల్లో భారం ప్రాసెసర్ మీద పడుతుంది. రెండు భాగాల పేర్లు ఇస్తే ఇంత శాతం బాటిల్‌నెక్ అని చెప్పే వెబ్‌సైట్లను నమ్మకండి. గేమును బట్టి, సెట్టింగ్‌ను బట్టి అది మారిపోతుంది.

మీ పీసీలోనే తేల్చుకోవచ్చు. వీ-సింక్, ఫ్రేమ్ పరిమితి తీసేసి, గేములో రద్దీగా ఉన్న చోట నిలబడి కార్డు వాడకం ఎంతుందో చూడండి. 95 శాతం దాటితే కార్డు పూర్తిగా పనిచేస్తోంది, ప్రాసెసర్ అడ్డుపడటం లేదు. 60-70 దగ్గరే ఉంటే రిజల్యూషన్‌ను 720పీకి తగ్గించి చూడండి. అయినా ఫ్రేములు పెరగకపోతే అడ్డు ప్రాసెసర్ లేదా ర్యామ్ దగ్గరుంది. అప్పుడు ముందు EXPO ఆన్‌లో ఉందో లేదో చూడండి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 40 శాతమే చూపిస్తోంది కదా అని సరిపెట్టుకోకండి. 7600కి థ్రెడ్లు 12. గేము ఒక్క థ్రెడ్‌నే పూర్తిగా నింపేసి దాని కోసమే ఎదురుచూస్తున్నా, మొత్తం లెక్కలో అది 8 శాతంగానే కనిపిస్తుంది.

కట్టడం అయ్యాక మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి. 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి బోర్డుకు పెట్టినా తెర వెలుగుతుంది, గేము మాత్రం ముక్కలు ముక్కలుగా ఆడుతుంది. 12400ఎఫ్‌లో ఆ గ్రాఫిక్స్ లేదు, బోర్డుకు పెడితే తెర మీద ఏమీ రాదు.