బుజ్జీ, ఇండిగోకి ముందు గోరింటాకు సరిగ్గా పట్టనివ్వు

బుజ్జీ,

పార్లర్ డై మానేసి, తెల్ల వెంట్రుకలు నల్లబడటానికి ఇంట్లోనే హెన్నా, దాని మీద నీలం ఇచ్చే ఇండిగో ఆకు పొడి పెట్టుకుంటానన్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అది కూడా మీ ఆడపడుచు పెళ్ళికి రెండు రోజుల ముందంట! సంతోషమేసింది, గుండె గుభేల్మంది కూడా. మొదటిసారి పెళ్ళి ముందు పెట్టకు తల్లీ, కనీసం మూడు వారాల ముందే ఒకసారి పెట్టి చూసుకో.

ముందు పొడి సంగతి. ప్యాకెట్ మీద బ్లాక్ హెన్నా అని ఉంటే ముట్టుకోకు. గోరింటాకు నల్లరంగు ఇవ్వదు, నల్లగా చేసేది అందులో కలిపే పీపీడీ అనే రసాయనం, దాంతో కొందరికి మొహం వాచిపోతుంది. నాకు అన్నిటికన్నా భయం అదే. హెన్నాలో హెన్నా ఆకు, ఇండిగోలో ఇండిగో ఆకు తప్ప ఇంకేం రాసి ఉండకూడదు. అయినా సరే మోచేతి లోపల కొంచెం రాసి రెండు రోజులు చూడు.

నీ భుజాల దాకా జుట్టుకి, ఒత్తుని బట్టి ఒక్కోటి 100 నుంచి 200 గ్రాముల దాకా పట్టచ్చు. హెన్నాని గోరువెచ్చని నీళ్ళతో, కావాలంటే ఒక చెంచా నిమ్మరసంతో కలిపి మూత పెట్టి రాత్రంతా ఉంచు, ఎండాకాలమైతే నాలుగైదు గంటలు చాలు. పొద్దున పైన గోధుమరంగు తేలి లోపల ఆకుపచ్చగా ఉంటే రంగు దిగినట్టే. నూనె లేని తలకి పెట్టి కవర్ కట్టుకుని మూడు గంటలు ఉంచు.

ఈ మూడు గంటల దగ్గరే మీ అమ్మ దెబ్బతింది, నీకు చెప్పి ఉండదులే. మీ గృహప్రవేశం ముందురోజు, ఇంటినిండా చుట్టాలు, వంటవాళ్ళు, ఆవిడేమో హెన్నా పెట్టుకుని అరగంటకే కడిగేసింది. చెంపల దగ్గర తెల్ల వెంట్రుకలు లేత పసుపులోకి మాత్రమే వచ్చాయి. నేను ఆగవే అంటే వినదే! హెన్నాకి నిమ్మరసం మంచిదన్నారు కదా అని ఇండిగోలో కూడా పిండేసింది, కలిపి పక్కన పెట్టి పూజ సామాన్లు సర్దుకుని ఎప్పుడో వచ్చి పెట్టుకుంది. కడిగాక చూస్తే చెంపలు ఆకుపచ్చ, పాపిట నారింజ. ఏడుపొక్కటే తక్కువ, కంగారులో షాంపూ పెట్టి రుద్దింది, ఉన్న కాస్త నీలం కూడా పోయింది. మర్నాడు ఫోటోల్లో కొంగు నెత్తిమీద నుంచి తియ్యలేదు చూడు, భక్తి అనుకున్నారు అందరూ.

ఎందుకలా అయిందంటే, తెల్ల వెంట్రుకలో దాని సొంత రంగేమీ ఉండదు. మంచి ఎర్రటి హెన్నా మీద నీలం పడితే నలుపుకి వస్తుంది, పల్చటి పసుపు మీద పడితే ఆకుపచ్చే. పాపిట నారింజ ఎందుకొచ్చిందంటే అక్కడ హెన్నా పట్టింది, పులుపు తగిలి, ఆలస్యమై చచ్చిన ఇండిగో పట్టలేదు.

కాబట్టి హెన్నా బాగా కడిగాక, కండిషనర్ లేకుండా, తడి ఆరీ ఆరని జుట్టుకి ఇండిగో పెట్టు. కొంచెం కొంచెంగా కలుపుకో, గోరువెచ్చని నీళ్ళు, చిటికెడు ఉప్పు, అంతే, మరిగే నీళ్ళు వద్దు, నిమ్మరసం వద్దు. పది పదిహేను నిమిషాల్లో పైన నీలం పొర కడితే పొడి బాగున్నట్టు, ఎంతసేపున్నా ఆకుపచ్చగానే ఉంటే పాతబడింది, పారెయ్. పొర రాగానే పెట్టెయ్యాలి, ముందు చెంపలకి. ఎండిపోకుండా కవర్ కట్టి గంటన్నర ఉంచు, ఒట్టి నీళ్ళతో కడుగు, మూడు రోజులు షాంపూ, కుంకుడుకాయ ఏదీ వద్దు.

మొదటి రోజు కాస్త నీలిపచ్చగా అనిపిస్తే హడావిడి చెయ్యకు, గాలి తగిలి రెండు రోజుల్లో ముదురుతుంది. మూడోరోజుకి కూడా తెల్ల వెంట్రుకలే ఆకుపచ్చగా ఉంటే హెన్నా చాల్లేదని, మళ్ళీ హెన్నా మూడు గంటలు పెట్టి తర్వాత ఇండిగో పెట్టు. నారింజగా మిగిలితే హెన్నా అక్కర్లేదు, తాజా ఇండిగో ఒక్కటే మళ్ళీ పెట్టు. మీ అమ్మకి ఆ తర్వాత వారం నేనే కూర్చోబెట్టి హెన్నా నుంచి మళ్ళీ మొదలుపెట్టి చేశాను, నల్లగా వచ్చింది, థాంక్స్ కూడా చెప్పలేదు!

తర్వాత నెలకోసారి కుదుళ్ళకి మాత్రం పెట్టుకుంటే చాలు. పాత టవల్ వాడు, గ్లవ్స్ వేసుకో, ఏసీ ఆపెయ్, నీకు సైనస్ ఉంది కదా, అన్ని గంటలు తడి తలతో కూర్చుంటావని నాకు అదో దిగులు. పొడి తెచ్చాక కలపకముందే ప్యాకెట్ వెనకవైపు ఫోటో తీసి పంపు, నేను చూసి చెప్తాను.

మీ పిన్ని