రిపోర్టు ఆయనది, నింద నాది

నాకు 33 ఏళ్లు, మావారికి 37. పెళ్లయి ఆరేళ్లయింది. ఆయన వీర్యపరీక్షలో శుక్రకణాల సంఖ్య బాగా తక్కువని తేలింది. రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకున్నాం, రెండూ విఫలమయ్యాయి. రిపోర్టు సంగతి ఎవరికీ చెప్పనని ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు. అత్తగారు లోపం నాదేనని అందరి ముందూ అంటుంటే ఆయన వింటూ ఊరుకుంటారు. రెండో ఫలితం తెలిసిన మూడో రోజుకే ఆయన ఏమీ జరగనట్టు ఆఫీసుకు వెళ్లిపోయారు. నేను రెండు నెలలుగా ఏడుస్తూనే ఉన్నాను. నేను అతిగా దిగులు పడటం వల్లే పిండం నిలవలేదని ఆడపడుచు అంది. మేమిద్దరం దగ్గరై నెలలు గడిచాయి. మూడోసారి ప్రయత్నించాలా, ముందు కౌన్సెలింగ్‌కు వెళ్లాలా?

పేరు రాయడం ఇష్టం లేని ఒక సోదరి

అమ్మా,

ముందుగా మీ ఆడపడుచు అన్న మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మిగిలిన మాటలన్నిటికంటే అదే మిమ్మల్ని లోపల తినేస్తున్నదని నాకు అనిపించింది. ఐవీఎఫ్‌కు ముందు స్త్రీ పడే ఆందోళనకూ, దిగులుకూ ఆ విడత ఫలితంతో సంబంధం ఉందా అన్నది పరిశోధకులు చాలాకాలంగా వెతుకుతున్న ప్రశ్న. 14 అధ్యయనాలను, వాటిలోని 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2011లో వెలువడింది. ఎక్కువ దిగులు పడినవారికీ తక్కువ పడినవారికీ గర్భం నిలిచే అవకాశంలో తేడా లేదని అందులో తేలింది. పిండం నిలవకపోవడానికి ఎక్కువసార్లు కనిపించే కారణం దాని క్రోమోజోముల్లోని లోపం, అది మీ కన్నీళ్ల వల్ల వచ్చేది కాదు. కాబట్టి ఏడుపు వచ్చినప్పుడు ఏడవండి. ఏడ్చినందుకు మళ్లీ భయపడే రెండో బాధ మాత్రం అక్కరలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. సంతానం లేకపోవడం ఒక బాధ, ఆ కారణాన్ని మీరొక్కరే మోయడం మరొక బాధ, ఈ రెండూ మీ ఇంట్లో కలిసిపోయాయి. మొదటిది మీ ఇద్దరి చేతుల్లో లేదు, రెండోది ఉంది. రిపోర్టు బయటపెట్టనని మాట ఇచ్చినప్పుడు మీరు భర్త గౌరవాన్ని కాపాడుతున్నాననుకున్నారు, అది మంచి మనసుతో చేసిన పనే. అయితే ఆ మాటకు మూల్యం మీరు చెల్లిస్తుంటే ఆయన చూస్తూ ఊరుకోవడం మాత్రం ఒప్పందంలో లేనిది. దంపతులు తమ వైద్య విషయాలను గోప్యంగా ఉంచుకోవడం వారి హక్కు. ఆ గోప్యత కోసం ఒకరి మీద నింద పడుతుంటే అది ఇద్దరూ కలిసి ఉంచుకున్న గోప్యతగా మిగలదు, ఒకరు రెండోవారి చేత మోయిస్తున్న బరువుగా మారుతుంది.

ఆయన మౌనాన్ని నేను సమర్థించను, కానీ దాని వెనుక ఏముందో మీకు తెలియాలి. శుక్రకణాలు తక్కువన్న మాట వినగానే చాలామంది మగవారు దాన్ని తమ మగతనం మీద తీర్పుగా తీసుకుంటారు, నిజానికి ఆ రెంటికీ సంబంధం చాలా తక్కువ. వృషణాల్లో శుక్రకణాలు తయారయ్యే నాళాలు వేరు, టెస్టోస్టెరాన్ హార్మోనును తయారుచేసే కణాలు వేరు. సంఖ్య తక్కువగా ఉన్నవారిలో చాలామందికి హార్మోనూ, లైంగిక సామర్థ్యమూ మామూలుగానే ఉంటాయి. ఈ మాట ఆయనకు వైద్యులెవరైనా విడమరచి చెప్పారా? చాలా జంటల్లో భార్యకు స్కానింగులూ, ఇంజెక్షన్లూ, అండాల సేకరణా అన్నీ జరుగుతాయి, భర్త మాత్రం ఒక గదిలో నమూనా ఇచ్చి బయటికి వస్తాడు. ఆయనను శారీరకంగా పరీక్షించిన వారుండరు, కూర్చోబెట్టి మాట్లాడిన వారూ ఉండరు. ఆండ్రాలజిస్టును, అంటే పురుషుల సంతాన సమస్యల నిపుణుడిని, ఆయన ఇంతవరకు కలవకపోయి ఉంటే మూడో ప్రయత్నానికి ముందు కలవడం అవసరం. వెరికోసీల్, అంటే వృషణాల దగ్గరి సిరలు ఉబ్బడం, వంటి చికిత్సకు లొంగే కారణాలు కొందరిలో ఉంటాయి. పైగా శుక్రకణం తయారుకావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది, సంఖ్య ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మారుతూ ఉంటుంది. అందుకే ఒక్క రిపోర్టుతో తేల్చేయరు. ఇలా ఆయనకూ చేయవలసిన పని ఒకటి దొరికితే, తాను చేయగలిగేది ఏమీ లేదనే భావన వల్ల వచ్చిన మౌనం కొంతైనా సడలుతుంది.

మూడో రోజుకే ఆఫీసుకు వెళ్లినంత మాత్రాన ఆయనకు దుఃఖం లేదని అనుకోకండి. మీరు మాటల్లోనూ కన్నీళ్లలోనూ దుఃఖిస్తున్నారు, ఆయన పనిలో తలదాచుకుంటున్నారు. ఇలాంటి జంటలకు నేను సూచించే పద్ధతి ఒకటి ఉంది. రోజుకు ఒక నిర్ణీత సమయంలో ఇరవై నిమిషాలు మాత్రమే ఈ విషయం మాట్లాడాలి. మొదటి పది నిమిషాలు ఒకరు చెబుతారు, రెండోవారు అడ్డు చెప్పకుండా, పరిష్కారాలు ఇవ్వకుండా వింటారు. తరువాత వంతులు మారతాయి. ఇరవై నిమిషాలు దాటితే ఆపేసి మరుసటి రోజుకు వాయిదా వేయాలి. వినడానికి ఇది గడియారం పెట్టుకుని చేసే కాపురంలా ఉంటుంది, నా ముందు కూర్చున్నవాళ్లు నవ్వుతారు కూడా. కానీ రోజంతా ఇదే మాట ఉంటుందేమోనన్న భయం లేనప్పుడు మాట్లాడని మనిషి కూర్చుంటాడు, రేపు మళ్లీ వింటాడన్న నమ్మకం ఉన్నప్పుడు మాట్లాడే మనిషి కొంత నెమ్మదిస్తుంది.

ఆ ఇరవై నిమిషాల్లో ఒకరోజు మీ అత్తగారి విషయం తీసుకురండి. ఆమె ఏదో అన్న రాత్రి మాత్రం వద్దు. "మీరు పిరికివారు" అని మొదలుపెడితే తలుపు మూసుకుంటుంది. "అమ్మ అలా అన్నప్పుడు మీరు మాట్లాడకపోతే, ఆ మాటతో మీరూ ఏకీభవిస్తున్నట్టు నాకు అనిపిస్తోంది. రిపోర్టు చెప్పమని అడగడం లేదు. ఆ మాట ఆపమని మాత్రం అడుగుతున్నాను" అని చెప్పి చూడండి. రిపోర్టు బయటపెట్టకుండానే నింద ఆపవచ్చునని చాలామంది భర్తలకు తట్టదు. ఆయన తన తల్లితో చెప్పవలసింది ఒక్క వాక్యం: "అమ్మా, వైద్యం మా ఇద్దరికీ జరుగుతోంది, కారణం ఆమె కాదు, ఇకమీద ఆమెను ఈ విషయంలో ఏమీ అనవద్దు." ఈ వాక్యం ఆయన నోటినుంచే రావాలి. కోడలు చెబితే అది ఎదురుచెప్పడం అవుతుంది, కొడుకు చెబితే హద్దు గీయడం అవుతుంది.

"అయితే లోపం నీదా?" అని ఆమె వెంటనే అడగవచ్చు. అక్కడే చాలామంది తడబడి మళ్లీ మౌనంలోకి జారిపోతారు. దానికి జవాబును మీరిద్దరూ ముందే అనుకుని ఉంచుకోండి. "అది డాక్టరుకూ మాకూ మధ్య విషయం" అన్నా చాలు. ఆయన ధైర్యం చేసి "అవునమ్మా, నాదే" అనగలిగితే ఇంకా మంచిది, కానీ దానికి ఆయనను బలవంతపెట్టకండి. కోపంలో మీరే బయటపెట్టాలనీ అనుకోకండి. నా దగ్గరికి వచ్చిన ఒకామె నాలుగేళ్లు ఇలాగే మోసి, ఒకరోజు బంధువులందరి ముందు నిజం చెప్పేసింది. ఆ క్షణంలో ఆమె బరువు దిగింది. భర్త మాత్రం ఆ తరువాత రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు, చికిత్స ఆగిపోయింది. అత్తగారి నోరు మూయించిన లాభం కంటే, అతనిలోని అవమానాన్ని మాన్పడానికి పట్టిన కాలమే ఎక్కువ. ఆమె తప్పు చేసిందని నేను అనను, ఆమెను అంతదాకా రానిచ్చిన మౌనమే తప్పు. మీరు ఆ అంచుకు చేరకముందే మీరు ఇచ్చిన మాటను ఇద్దరూ కలిసి సవరించుకోవాలని మాత్రమే చెబుతున్నాను.

దూరమైన దాంపత్యం గురించి కొద్దిగా చెబుతాను. ఐవీఎఫ్‌లో ఫలదీకరణ ప్రయోగశాలలో జరుగుతుంది కాబట్టి మీ విషయంలో తేదీలు చూసుకుని కలవవలసిన అవసరం లేదు. డాక్టరు వద్దన్న రోజులు మినహా, ఆ సాన్నిహిత్యం ఇక పూర్తిగా మీ ఇద్దరిది. పిల్లల కోసం కలవాలన్న లెక్క మనసులో ఉన్నంతకాలం అది పరీక్షలా అనిపించి శరీరం వెనక్కి తగ్గుతుంది. కొన్ని వారాలు కలయిక ఊసే లేకుండా, చేయి పట్టుకోవడం, పక్కన కూర్చోవడం వరకే ఉండాలని ఇద్దరూ అనుకోండి. దూరం తగ్గడం అక్కడినుంచే మొదలవుతుంది.

మూడోసారి విషయానికి వస్తే, శరీరానికి ఎంత విరామం కావాలో డాక్టరు చెబుతారు, మనసుకు ఎంత కావాలో మాత్రం మీరే చెప్పుకోవాలి. మొదలుపెట్టే ముందే ఎన్ని విడతలు, ఎంత ఖర్చు, ఎంతకాలం అన్న మూడు హద్దులను ఇద్దరూ కాగితం మీద రాసుకోండి. పిండ బదిలీ తరువాత ఇచ్చే ప్రొజెస్టెరాన్ మందులే రొమ్ముల నొప్పి, కడుపు ఉబ్బరం వంటి గర్భలక్షణాలను కలిగిస్తాయి. ఆ సమయంలో ఒక్కో లక్షణాన్ని చూసి ఆశ పడటం, అది తగ్గగానే కుంగిపోవడం ఎంత నలగ్గొడతాయో మీకు తెలుసు. ఆ రోజులు దాటే శక్తి ఇప్పుడు ఉందా అని మీరు నన్ను అడిగితే, మీ ఉత్తరం చదివి నేను లేదనే అంటాను. కాబట్టి ముందు కౌన్సెలింగ్, తరువాతే చికిత్స.

దీనికి కారణం కూడా చెబుతాను. దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైన పనులపై ఆసక్తి పోవడం, నిద్ర లేక ఆకలి చెదిరిపోవడం రెండు వారాలకు మించి సాగితే అది డిప్రెషన్ కావచ్చు, దాన్ని నిపుణులు చూడాలి. మీది రెండు నెలలుగా సాగుతోంది. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారైనా వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి, ఆ రోజే దగ్గరివారికి చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మానసిక వైద్యులు మందు అవసరమంటే, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నామని చెప్పి దానికి తగిన మందును ఎంచుకోమనండి. ఇప్పటికే ఏదైనా వాడుతుంటే సొంతంగా ఆపకండి. సంతాన చికిత్సా కేంద్రంలో కౌన్సెలర్ ఉంటే అక్కడే మొదలుపెట్టవచ్చు, లేదంటే క్లినికల్ సైకాలజిస్టును కలవండి. దాత శుక్రకణాల ప్రస్తావన వస్తే మాత్రం ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్ తీసుకోకుండా సంతకం పెట్టవద్దు. పుట్టబోయే బిడ్డకు ఆ విషయం చెబుతారా, ఎప్పుడు చెబుతారు అన్న ప్రశ్నలు అప్పుడే తేలాలి.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇద్దరినీ కలిపి కొంతసేపు, విడివిడిగా కొంతసేపు మాట్లాడించమని అడగండి. రిపోర్టు విషయం ఆయన ఆ విడిగదిలో బయటివారికి మొదటిసారి చెప్పగలిగితే, అమ్మకు చెప్పడం ఆయనకు అంత అసాధ్యంగా అనిపించకపోవచ్చు. ఆయన రానంటే ఎదురుచూడకుండా మీరొక్కరే వెళ్లండి. భార్య రెండు మూడుసార్లు వెళ్లివచ్చాక, లోపల ఏం మాట్లాడుతున్నారో తెలుసుకోవాలని తలుపు దగ్గరికి వచ్చిన భర్తలను నేను చూశాను.

మీ శ్రేయోభిలాషి