లిఫ్టులో, కాఫీ మెషిన్ దగ్గర ఫ్రెంచ్‌లో వాతావరణం మాటలు ఎలా కలపాలి?

ప్రశ్న: "ఉద్యోగం మీద ఫ్రాన్స్‌లోని తులూజ్‌కి వచ్చి రెండు నెలలైంది. ఫ్రెంచ్ ఎ2 దాకా చదివాను. లిఫ్టులో పక్కింటివాళ్ళు, ఆఫీసులో కాఫీ దగ్గర కొలీగ్స్ వాతావరణం గురించి ఏదో అంటారు. నేను నవ్వి ఊరుకుంటున్నాను. మాట కలపాలంటే ఏం నేర్చుకోవాలి?"

జవాబు:

నేను తులూజ్‌లోనే తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. మాటలకంటే ముందు ఒక సంగతి చెప్పాలి, అది తెలియక నేను మొదటి వేసవంతా పోగొట్టుకున్నాను.

జూన్ నెలలో ఒక సాయంత్రం మా కింది అంతస్తు పెద్దావిడ లిఫ్టులో చెమట తుడుచుకుంటూ "కెల్ షలర్!" అన్నారు. ఎంత వేడో అని. నాకు ఫ్రెంచ్ మాట్లాడే అవకాశం దొరికింది కదా అని, మా విజయవాడలో మే నెలలో 45 డిగ్రీలు ఉంటుంది, ఇది అసలు ఎండే కాదు అని వ్యాకరణం తప్పు లేకుండా చెప్పాను. ఆవిడ "ఆ బోఁ" అని, అంటే "అలాగా" అని, తలుపు వైపు తిరిగిపోయారు. మాట అక్కడితో ఆగిపోయింది.

మన వీధిలో ఎవరైనా "ఏం ఎండలండీ బాబూ" అంటే "అవునండీ, నిప్పులు చెరుగుతున్నాడు" అంటాం. రెంటచింతలలో ఇంకా ఎక్కువ అని లెక్క చెప్పం. ఫ్రెంచ్‌లోనూ అంతే. ఆ మాట ఔనని అనిపించుకోవడానికే. పైగా ఎండ విషయంలో ఇక్కడి పెద్దవాళ్ళకి ఒక చేదు జ్ఞాపకం ఉంది. 2003 ఆగస్టు వడగాడ్పుల్లో ఫ్రాన్స్‌లో దాదాపు 15 వేల మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది వృద్ధులు, ఒంటరిగా ఉన్నవాళ్ళు చాలామంది. చాలా ఇళ్ళలో ఏసీలు ఉండవు. ఆ తీవ్రమైన ఎండల రోజులకి "కనిక్యుల్" అని పేరు. ఆ మాట వినిపించిన రోజున పక్కింటి పెద్దవాళ్ళతో మీరు అనాల్సింది "వూ తెనే ల కూ?", అంటే తట్టుకుంటున్నారా అని. "ఓఁనేతూఫ్" అంటే ఊపిరాడట్లేదు అని. "జే ఫెర్మే లే వొలే" అంటే కిటికీల చెక్క తలుపులు మూసేశాను అని. ఇక్కడ అందరూ పగలంతా అవి మూసే ఉంచుతారు కాబట్టి, ఆ ఒక్క వాక్యంతో మీరు ఈ ఊరివాళ్ళలో కలిసిపోతారు.

(నేను సున్నకి బదులు అరసున్న రాసిన చోట శబ్దం ముక్కులోంచి రావాలి, చివర న్ గానీ మ్ గానీ పలకకూడదు. వాతావరణం అంటే "తాఁ", గాలి అంటే "వాఁ". "వేఁ" అంటే వైన్ అయిపోతుంది, అందుకే ఈ పట్టింపు. అయితే తులూజ్ పెద్దవాళ్ళు యాసలో "వాంగ్", "దమేంగ్" అన్నట్టు పలుకుతారు. అవి వేరే మాటలేమో అని కంగారు పడకండి.)

ఇక మాటలు. పుస్తకంలో ఇది కష్టంగా కనిపిస్తుంది గానీ, తెలుగువాళ్ళకి తేలిక. మనకి "చలిగా ఉంది" వేరు, "చలేస్తోంది" వేరు, "నీళ్ళు చల్లగా ఉన్నాయి" వేరు కదా. ఫ్రెంచ్‌లోనూ సరిగ్గా ఈ మూడూ వేరువేరు. బయట చలిగా ఉంటే "ఇల్ ఫే ఫ్రువా". నాకు చలేస్తుంటే "జే ఫ్రువా". వస్తువు చల్లగా ఉంటే "ఎ ఫ్రువాద్", ఉదాహరణకి "లో ఎ ఫ్రువాద్", నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఇంగ్లీషు మనసులో పెట్టుకుని మాట్లాడితేనే తప్పొస్తుంది. ఇంగ్లీషు వాక్యాన్ని మక్కీకి మక్కీ దించి "జ సుయి షో" అంటే అది నాకు వేడిగా ఉందని కాదు. స్నేహితుల మధ్య "నేను రెడీ" అనే అర్థం వస్తుంది, ఇంకోచోట శృంగార భావం వచ్చే మాట అవుతుంది. నాకు వేడిగా ఉందనడానికి "జే షో" ఒక్కటే. నేను ఇప్పటికీ నోరు తెరిచేముందు తెలుగులో ఒకసారి అనుకుంటాను. "నాకు" అని గానీ "వేస్తోంది" అని గానీ అనిపిస్తే "జే", ఊరికే "గా ఉంది" అనిపిస్తే "ఇల్ ఫే".

"ఇల్ ఫే" తర్వాత వచ్చేవి కొన్నే. బావుంది అంటే "బో". మబ్బుగా ఉంటే "గ్రి". కొంచెం చల్లగా, హాయిగా ఉంటే "ఫ్రే". చలి తగ్గి నులివెచ్చగా ఉంటే "దూ". వర్షానికి ముందు ఉక్కపోతకి "లూర్", అంటే బరువుగా అని. ఇది మన ఉక్కపోతకి అచ్చంగా సరిపోతుంది, జులై సాయంత్రాలు అందరి నోటా ఇదే. గాలి, ఎండ, పొగమంచు లాంటివి మాత్రం "ఇల్ ఫే"తో కాకుండా "ఇల్ యా"తో వస్తాయి: "ఇల్ యా ద్యు వాఁ", "ఇల్ యా ద్యు సొలేయ్", "ఇల్ యా ద్యు బ్రుయార్". వాన పడుతుంటే "ఇల్ ప్లె" అంటే చాలు.

కానీ మీరు విన్నది ఇలా ఉండదు. అందుకే మీకు అర్థం కావట్లేదనుకుంటాను. మాట్లాడేటప్పుడు "ఇల్" అనే ముక్క ఎగిరిపోతుంది. "ఇల్ యా" కాస్తా "యా" అవుతుంది. పైగా చలిగా ఉందని చాలాసార్లు నేరుగా అనరు. "ఫే పా షో స మతేఁ, ఏఁ?" అంటారు. మాటకి మాట చూస్తే "పొద్దున్న వేడిగా లేదు, కదా?" అని. అసలు అర్థం చలిగా ఉందనే. ఇలా వ్యతిరేకంలో తగ్గించి చెప్పడం వీళ్ళకి అలవాటు, బావుందనడానికి కూడా "పా మాల్" అనే అంటారు, చెడ్డగా లేదు అని. చివర్లో వచ్చే ఆ "ఏఁ" మన "కదా". అది వినిపించిందంటే మీ వంతు వచ్చిందని గుర్తు. నవ్వి ఊరుకుంటే వాళ్ళు ఇబ్బంది పడతారు, ఎందుకంటే వాళ్ళు అడిగింది ప్రశ్న.

రేపు పొద్దున కాఫీ దగ్గర జరిగేది ఇలా ఉంటుంది. మొదట "బోఁజూర్". అది లేకుండా వాతావరణం మొదలుపెడితే మొరటుగా ఉంటుంది. అదే మనిషి మధ్యాహ్నం మళ్ళీ కనిపిస్తే మళ్ళీ బోఁజూర్ చెప్పకండి, పొద్దున చెప్పింది మర్చిపోయారనుకుంటారు. "ర్‌బోఁజూర్" అనచ్చు. కొలీగ్ "ఫే పా షో, ఏఁ?" అన్నాడు. మీరు ముందు ఒప్పుకోవాలి: "ఆ ఉయి, సా పిక్!" చలి సూదిలా గుచ్చుతోంది అని. తర్వాత ఒక చిన్న కొత్త ముక్క జోడించాలి: "ఎ ఇల్జ్ ఆనోఁస్ ద లా ప్లుయి పూర్ దమేఁ", రేపు వాన అంటున్నారు. ఆ "వాళ్ళు" ఎవరో చెప్పక్కర్లేదు, వాతావరణ శాఖవాళ్ళని అందరికీ తెలుసు. అతను "మాఁ పార్ల్ పా", అంటే "ఇక ఆ ఊసెత్తకు" అంటే అది విసుగు కాదు, మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాడని. కప్పు తీసుకుని వెళ్తూ "బొన్ జూర్నే". సాయంత్రం నాలుగైదు గంటలప్పుడు "బొన్ ఫేఁ ద జూర్నే", పొద్దుపోయాక "బొన్ స్వారే". ఈ ముగింపు మానేస్తే మాట తెగిపోయినట్టుంటుంది. మొత్తం ఇరవై సెకన్లు.

కొలీగ్స్‌తో "త్యు", అంటే నువ్వు, పక్కింటివాళ్ళతో "వూ", అంటే మీరు, అనే తేడా మాత్రం పట్టించుకోండి. ఆఫీసులో "సా కాయ్!", చలి చంపేస్తోంది అనే అర్థంలో, మామూలు మాటే. లిఫ్టులో పెద్దావిడ ముందు అది కాస్త చనువు ఎక్కువ, "ఫే పా షో" చాలు. అదే కొలీగ్ నోట "మాఁ పార్ల్ పా" అయితే, పెద్దావిడకి మీరు అనాల్సింది "మాఁ పార్లే పా".

తులూజ్‌లో మీకు ఎక్కడా నేర్పని మాట ఒకటుంది, "వాఁ దోతాఁ". ఆగ్నేయం నుంచి, సముద్రం వైపు నుంచి వచ్చే గాలి. ఒకవైపు పిరెనే పర్వతాలు, మరోవైపు మాసిఫ్ సాఁత్రాల్ అనే కొండల ప్రాంతపు దక్షిణపు కొస. ఆ సందులోంచి దూరేసరికి ఉరవడి పెరుగుతుంది. ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు, కిటికీలు కొట్టుకుంటాయి. ఆ గాలి మనుషులకి పిచ్చెక్కిస్తుందని ఇక్కడి నమ్మకం. ఆకాశం తేటగా ఉండి పొడిగా వీస్తే "ఓతాఁ బ్లాఁ", తెల్లది. మబ్బు పట్టి తేమతో వీస్తే "ఓతాఁ న్వార్", నల్లది, వెనకాలే వాన ఉంటుంది. నేను మొదటిసారి లిఫ్టులో "సె లోతాఁ, ఏఁ?" అన్న రోజున ఆ పెద్దావిడే తన అంతస్తు వచ్చినా తలుపు చేత్తో పట్టుకుని, చిన్నప్పుడు స్కూల్లో ఈ గాలి రోజుల్లో పిల్లలు ఎంత అల్లరి చేసేవాళ్ళో చెప్పుకొచ్చారు. ఆ వేసవి తర్వాత ఆవిడ నాతో రెండు వాక్యాలకంటే ఎక్కువ మాట్లాడటం అదే మొదలు.

ఋతువుల పేర్లకి ఒక్క చిక్కే ఉంది. ఎండాకాలంలో "ఆఁనేతే", ఆకురాలు కాలంలో "ఆఁనోతోన్", చలికాలంలో "ఆఁనివేర్". వసంతంలో మాత్రం "ఓ ప్రేఁతాఁ". మొదటి మూడూ అచ్చు శబ్దంతో మొదలవుతాయి, వసంతం హల్లుతో. అంతే తేడా. మార్చిలో ఎండలోనే ఉన్నట్టుండి వడగళ్ళతో కురిసే జల్లులని "జిబులే" అంటారు. మేలో మొక్కలు పెంచేవాళ్ళు కనిపిస్తే "సేఁ ద గ్లాస్" గురించి అడగండి. మంచు సాధువులు అని అర్థం, మే 11, 12, 13 తేదీలు. ఆ మూడు రోజులూ దాటితే గానీ రాత్రి మంచు భయం పోదని, అప్పటిదాకా టమాటా నారు నేలలో పెట్టరు. మా పెద్దావిడ బాల్కనీలో కుండీలున్నాయి. ఏటా మే 14న "నాటేశారా?" అని నేనే అడుగుతాను. ఆగస్టులో ఒక కాగితం సంచీ మా తలుపు గొళ్ళేనికి వేలాడుతూ ఉంటుంది.

మీకు దగ్గర్లో రాబోయేవి రెండు. అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ సోమవారం "ఇల్ ఫే న్యుయి తో మేఁత్‌నాఁ", ఇప్పుడు తొందరగా చీకటి పడుతోంది అంటే చాలు, ఎవరైనా అందుకుంటారు. జనవరిలో "బొనానే", నూతన సంవత్సర శుభాకాంక్షలు, ఒకటో తారీఖుతో అయిపోదు. ఆ ఏడాది మొదటిసారి కనిపించిన ప్రతి మనిషికీ చెప్పాలి, నెలాఖరు దాకా చెప్పచ్చు.