కోపం అనే మాట లేకుండా కోపాన్ని రాయించడం

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలతో కథలు రాయిస్తున్నాను. ‘చెప్పొద్దు, చూపించు’ అని ఎంత మొత్తుకున్నా ‘అతనికి కోపం వచ్చింది’ అనే రాస్తున్నారు. చప్పటి వాక్యాలిచ్చి తిరగరాయిస్తే ఫలితం ఉంటుందా? ఎలా చేయించాలి?

ఉంటుంది. కాకపోతే వాక్యాన్ని ఒంటరిగా ఇస్తే ఉండదు. ‘నాన్నకి కోపం వచ్చింది’ అని బోర్డు మీద రాసి, దీన్ని చూపించండి అని నేనూ క్లాసులో అడిగాను. కాసేపటికి కాగితాలన్నీ ఒకేలా వచ్చాయి. కళ్ళు ఎర్రబడ్డాయి, పళ్ళు పటపట కొరికారు, పిడికిళ్ళు బిగించారు. పిల్లల్ని తప్పుపట్టడానికేం లేదు. ఆ నాన్న ఎవరో, ఎక్కడున్నారో, ఎందుకు కోపమో వాళ్ళకి తెలియదు. తెలియనప్పుడు చేయి అరిగిపోయిన మాటల దగ్గరికే పోతుంది.

అప్పుడు వాక్యం మార్చకుండా చుట్టూ మూడు విషయాలు ఇచ్చాను: నాన్న చేతిలో కూతురి ప్రోగ్రెస్ రిపోర్టు ఉంది, పక్కగదిలో చుట్టాలున్నారు, ఆయన గొంతు పెంచకూడదు. రెండు నిషేధాలు కూడా పెట్టాను. కోపం, ఆవేశం, చిరాకు లాంటి మాటలు రాయకూడదు. కళ్ళు, పళ్ళు, పిడికిలి, గుండె, చెమట కూడా వాడకూడదు. ఈ రెండోది పెట్టకపోతే మొదటిది దండగే, ఎందుకంటే పిల్లలు ‘కోపం’ తీసేసి ఆ చోట ఎర్రబడ్డ కళ్ళు పెడతారు.

క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి ఇలా రాసింది: “నాన్న రిపోర్టు మీద సంతకం పెట్టారు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. ప్రతిసారీ లెక్కల మార్కు దగ్గర వేలు పెట్టి ‘ఇదేంటమ్మా?’ అని అడుగుతారు. ఈసారి అడగలేదు. ‘రేపు బస్సులో వెళ్ళు’ అన్నారు. రోజూ ఆయనే దింపుతారు.”

చదవగానే క్లాసు గప్‌చుప్. నాకు ఇప్పటికీ ఆ పేరా నోటికి వచ్చు. అందులో కోపం ఎక్కడుంది? అడగని ప్రశ్నలో, దింపనన్న మాటలో. ఆ మనిషి మామూలుగా ఏం చేస్తాడో మనకి తెలిసింది కాబట్టి, ఇవాళ చేయనిది కనబడింది. అందుకే ఇప్పుడు తిరగరాయించే ముందు రెండే ప్రశ్నలు అడుగుతాను: ఈ మనిషి రోజూ ఏం చేస్తాడు? ఇవాళ ఏది మారింది? ఈ రెండింటికీ జవాబు రాశాకే పేరా మొదలుపెట్టాలి.

రాశాక పరీక్ష కూడా ఉంది. పేరాని పక్క విద్యార్థికి ఇచ్చి ఏ భావమో అడగండి. అస్సలు తెలియకపోతే మరీ దాచేశారన్నమాట, రోజువారీ అలవాటు చెప్పే వాక్యం ఒకటి చేర్చాలి. వెంటనే తెలిసిపోతే సంబరపడకండి. నాన్న బదులు ఎవరో కుర్రాణ్ణి పెట్టి చదవమనండి. అప్పుడూ అతికినట్టు సరిపోతే అది ఎవరి కోపమూ కాదు, మళ్ళీ రాయాలి. ఆ అమ్మాయి పేరాలో కుర్రాడు ఇమడడు.

ఇంకో జబ్బు చివరి వాక్యం. అంత బాగా చూపించి, పాఠకుడికి అర్థం కాదేమోనన్న టెన్షన్‌తో ‘నాన్నకి నా మీద చాలా కోపంగా ఉందని అర్థమైంది’ అని తగిలిస్తారు. నేను మొదట చదివేది ఆ వాక్యమే, దాని మీద గీత పెట్టించాకే మిగతాది చూస్తాను.

పిల్లల్ని చెడగొట్టేది మార్కులు వేసే పద్ధతి అని నా గట్టి నమ్మకం. విశేషణానికొక మార్కు, ఉపమానానికొక మార్కు అంటే వాళ్ళు ‘అగ్నిపర్వతంలా బద్దలైన భయంకరమైన కోపం’ అనే రాస్తారు. అది కోపాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పడమే, చూపించడం కాదు. 1886లో రష్యన్ కథకుడు చెహోవ్ తన అన్న అలెగ్జాండర్‌కి రాసిన ఉత్తరంలో వెన్నెల రాత్రిని చూపడానికి పగిలిన సీసా ముక్క మెరుపూ, ఒక జంతువు నీడా చాలన్నాడు. రెండే వస్తువులు. పిల్లల్ని కూడా నేను రెండు వివరాలకి మించి రాయనివ్వను.

ఇది రుచి మరిగాక పిల్లలు ప్రతి వాక్యాన్నీ చూపించబోతారు. తలుపు తీయడానికే అరపేజీ పడుతుంది. అప్పుడు తిరగేసిన అభ్యాసం పెట్టండి: వాళ్ళ కథలోంచే ఒక పేరా తీసుకుని ఒక్క వాక్యానికి కుదించమనండి. ‘మూడు రోజులు నాన్న మాట్లాడలేదు’ అని కుదించినా కథకి నష్టం లేకపోతే అలాగే ఉంచేయాలి. సంతకం పెట్టిన ఆ సాయంత్రాన్ని మాత్రం కుదించడం ఎవరివల్లా కాలేదు. ఏది విప్పాలో ఏది ముడవాలో వాళ్ళే వాదించుకుంటారు, ఆ వాదనకి పీరియడ్‌లో సగం వదిలేయండి.