హాస్టల్ ఫోన్‌లో ‘లీక్ పేపర్’: కేసు ఎక్కడ మొదలవుతుంది?

ప్రశ్న: సార్, మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక పల్లె. హనుమకొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను. టెలిగ్రామ్‌లో ఒకతను ఫిజిక్స్ పేపర్, కీ రెండూ ఉన్నాయంటే ఐదొందలు ఫోన్‌పే చేశాను. మసకగా ఉన్న ఒక పేజీ పంపి, మిగతాదానికి ఇంకో రెండున్నర వేలు అడుగుతున్నాడు. రూమ్మేట్లు ముగ్గురూ తలా కొంత వేసుకుందామంటున్నారు. పరీక్ష సోమవారం. పద్దెనిమిది నిండలేదు కాబట్టి మనకేం కాదని వాళ్ల ధీమా. నేను పుట్టింది ఆగస్టులో, టెన్త్ మెమోలో మాత్రం జనవరి అని పడింది, దాని ప్రకారం పోయిన నెలకే పద్దెనిమిది నిండాయి. నాన్నకు తెలిస్తే చంపేస్తాడు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఆ రెండున్నర వేలు పంపకు బాబూ. ఆ పేజీ ఎవరికీ ఫార్వర్డ్ చేయకు. చాట్ డిలీట్ చేయకు. ముందు ఈ మూడూ పాటించి, మిగతాది చదువు.

అతని దగ్గర అసలు పేపర్ ఉండే అవకాశం చాలా తక్కువ. ఇంటర్ ప్రశ్నపత్రాలు ఒకటికి మించిన సెట్లుగా అచ్చవుతాయి. సీల్ వేసిన కట్టలు పోలీస్ స్టేషన్‌లో ఉంటాయి. ఏ సెట్ ఇవ్వాలన్నది పరీక్ష రోజు ఉదయమే బోర్డు నుంచి సెంటర్లకు తెలుస్తుంది. చీఫ్ సూపరింటెండెంట్, డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్ సమక్షంలో కట్ట విప్పుతారు. నాలుగు రోజుల ముందే ‘ఇదే పేపర్’ అని చెప్పగలిగేవాడు ఎవడు? 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో టెన్త్ పేపర్లు బయటికొచ్చిన తీరు గుర్తు తెచ్చుకో. తాండూరులో తెలుగు పేపర్, మరునాడు మీ హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో హిందీ పేపర్. రెండూ పరీక్ష మొదలయ్యాక ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టినవే. పేపర్ ఎక్కువగా జారేది ఆ కాసేపట్లోనే. ముందు రోజుల్లో అమ్ముడుపోయేది చాలావరకు మోసమే.

నీకు పంపిన పేజీలో ఎనిమిది మార్కులవి ఏమున్నాయో చూడు. డాప్లర్ ఎఫెక్ట్, న్యూక్లియర్ రియాక్టర్ లాంటివే ఉంటాయని నా అంచనా. ఆ సెక్షన్‌లో మూడిచ్చి రెండు రాయమంటారు. అవి వచ్చే చాప్టర్లు మూడో నాలుగో. మీ కాలేజీలో ఏ ఫిజిక్స్ లెక్చరర్‌ని అడిగినా ఇంచుమించు అదే లిస్టు చెబుతాడు, డబ్బులు తీసుకోకుండా. పరీక్ష అయ్యాక అందులో రెండు కలిస్తే ‘చూశారా, నిజమైంది’ అని వచ్చే ఏడాది పిల్లలకు వల వేస్తారు. ఇంకో కిటుకు కూడా ఉంది: టెలిగ్రామ్‌లో పెట్టిన పోస్టును తర్వాత ఎడిట్ చేయొచ్చు. 2024 నీట్ గొడవలో, పరీక్షకు ముందు రోజే పేపర్ బయటికొచ్చినట్టు చూపిన టెలిగ్రామ్ వీడియోలో తేదీని మార్చారని ఎన్‌టీఏ సుప్రీంకోర్టుకు చెప్పింది.

పేపర్ నకిలీ అయితే కేసు ఉండదు కదా అంటావు. అక్కడే చాలామంది పొరపడతారు. ఇక్కడ వర్తించేది 1997లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన పబ్లిక్ పరీక్షల చట్టం, మాల్ ప్రాక్టీస్‌ను నిరోధించడానికి తెచ్చింది. ఇప్పుడు తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ అమల్లో ఉంది. హాల్లో పేపర్ పంచే వేళకు ముందు దాన్ని సంపాదించడం, సంపాదించడానికి ప్రయత్నించడం, దగ్గర ఉంచుకోవడం నేరం. పేపర్‌కు సంబంధించిన సమాచారమని తెలిసి ఇంకొకరికి ఇవ్వడం, ఇస్తాననడం కూడా నేరమే. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, ఐదు వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా.

నీ దగ్గరున్న పేజీ నకిలీదని తేలితే ‘పేపర్ దగ్గర ఉంచుకున్నాడు’ అన్న మాట నిలబడటం కష్టం. కానీ ‘సంపాదించడానికి ప్రయత్నించాడు’ అన్నది వేరు. నువ్వు అసలుదనుకునే డబ్బు కట్టావు. ఫోన్‌పేలో ఆ ఐదొందలు, దానికి ముందు చాట్‌లో నువ్వు అడిగిన మాటలు, రెండూ దాన్నే చెబుతాయి. లేని పేపర్ కోసం చేసిన ప్రయత్నం ఎలా నేరమవుతుందని కోర్టులో నీ తరఫున గట్టిగా వాదించొచ్చు. నేనైనా అదే వాదిస్తాను. అయితే ఆ వాదన వినే వేళకు నువ్వు స్టేషన్, బెయిల్ దాటి ఉంటావు. ఎవరో పెట్టిన ఫొటో గ్రూపులో ఉన్న అందరి ఫోన్లలో దానంతటదే సేవ్ అయిందనుకో, తెలిసి ఉంచుకున్నాడని వాళ్ల మీద చూపించాల్సిన భారం పోలీసులది. నీ విషయంలో ఆ వెసులుబాటు లేదు.

ఇప్పటివరకు నువ్వు మోసపోయిన కొనుగోలుదారువి. రూమ్మేట్ల డబ్బు నీ ఫోన్‌పేలో పడి, నువ్వు పేపర్ తెప్పించి వాళ్లకు పంపావో, చార్జిషీట్‌లో నీ స్థానం మారిపోతుంది. ముగ్గురి దగ్గర డబ్బు తీసుకుని పేపర్ అందించినవాడివవుతావు. ఇందాక చెప్పిన ‘ఇంకొకరికి ఇవ్వడం’ నీకు వర్తిస్తుంది. నలుగురూ అనుకుని చేశారు కాబట్టి కుట్ర సెక్షన్ కూడా కలుపుతారు. ఇలాంటి కేసుల్లో పోలీసులు ఫోన్ నుంచి ఫోన్‌కు వెనక్కి వెళ్తారు. ఒక్కో ఫార్వర్డ్ ఒక్కో మెట్టు. అసలు అమ్మినవాడు ఫేక్ సిమ్‌తో మాయమైతే, ఆ మెట్ల మీద పేరూ ఊరూ ఉండి దొరికే మొదటివాడివి నువ్వే.

ఇక వయసు. మీ అమ్మ ఆగస్టు అని ప్రమాణం చేసినా లాభం లేదు. నేరం జరిగిన రోజుకు పద్దెనిమిది నిండాయా అన్నదే లెక్క. వయసు తేల్చడానికి జువెనైల్ జస్టిస్ చట్టం ముందుగా చూడమన్నది స్కూల్ ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, లేదా టెన్త్ మెమో. అవి లేనప్పుడే పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం, అదీ లేకపోతే ఎముకల పరీక్ష. మన పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు ఐదేళ్లు నిండాలని సారు వేసిన తేదీ ఇలా ఎదురు తిరగడం నేను కోర్టులో చాలాసార్లు చూశాను. మెమో ప్రకారం నువ్వు మేజర్‌వి. డబ్బు పంపింది పోయిన నెల తర్వాత కాబట్టి నిన్ను మామూలు కోర్టుకే తీసుకెళ్తారు.

నీ రూమ్మేట్ల మెమోల్లో ఇంకా పద్దెనిమిది నిండకపోతే వాళ్లు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తారు, వాళ్లను లాకప్‌లో పెట్టకూడదు. కానీ ఒక మెలిక ఉంది. మైనర్ ఒక్కడే చేసిన ఈ స్థాయి నేరానికి మామూలుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు, స్టేషన్ డైరీలో రాసుకుని బోర్డుకు పంపుతారు. మేజర్‌తో కలిసి చేశాడంటే మాత్రం ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చు. అంటే ‘మైనర్లం, ఏం కాదు’ అన్న వాళ్ల ధీమాకు గండి కొడుతున్నది నీ మెమోలోని జనవరే. ఈ ముక్క వాళ్లకు చదివి వినిపించు, చందా మాట అక్కడితో ఆగుతుంది.

కోటి జరిమానా, పదేళ్ల జైలు అని ఎవరైనా బెదిరిస్తే అది 2024లో వచ్చిన కేంద్ర చట్టం సంగతి. యూపీఎస్సీ, రైల్వే పరీక్షలు, ఎన్‌టీఏ పెట్టే నీట్, జేఈఈ లాంటివాటికే అది వర్తిస్తుంది. ఇంటర్ బోర్డుకు కాదు.

క్రిమినల్ కేసు సంగతి అలా ఉంచితే, బోర్డు తీసుకునే చర్య వేరు. మాల్ ప్రాక్టీస్ కేసు బుక్ చేసి పరీక్షలు రద్దు చేయొచ్చు, డిబార్ చేయొచ్చు. కమలాపూర్ కేసులో ఒక టెన్త్ విద్యార్థిని డిబార్ చేస్తే, హైకోర్టుకు వెళ్లి మిగతా పరీక్షలు రాయడానికి అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. అంత దూరం వెళ్లేంత లాభం ఇందులో ఏముందో లెక్క వేసుకో. తెలంగాణ ఎప్‌సెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ ఇప్పుడు లేదు. గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం ఉంటే చాలు. ఎన్‌ఐటీ కావాలంటే మొత్తం 75 శాతం చూస్తారు, అదొక్కటే నిజమైన టెన్షన్. ఒకవేళ ఫిజిక్స్ పోయినా సప్లిమెంటరీ ఉంది. డిబార్‌కు సప్లీ ఉండదు.

ఇప్పుడు చేయాల్సినవి. ఆ చాట్, యూజర్‌నేమ్, అతని యూపీఐ ఐడీ, ఫోన్‌పే ట్రాన్సాక్షన్ నంబర్ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టు. డిలీట్ చేస్తే మోసపోయావనడానికి నీ దగ్గరున్న ఆధారం కూడా పోతుంది, పైగా సాక్ష్యం చెరిపేశావన్న ఇంకో మాట మీద పడుతుంది. హాల్ టికెట్ ఫొటో అతనికి పంపావా? పంపి ఉంటే ‘బోర్డుకు చెబుతా’ అని బెదిరించి ఇంకా డబ్బు గుంజే ప్రయత్నం చేస్తాడు. అప్పుడు కూడా రూపాయి పంపకు. అలా బెదిరించి డబ్బు గుంజడం అతని మీద ఇంకో నేరం.

ఈ రాత్రే మీ నాన్నకు ఫోన్ చేయి. ‘ఐదొందలు పోగొట్టుకున్నాను, ఇంకా అడుగుతున్నాడు, నేను ఇవ్వలేదు’ అని మొదలుపెట్టు. ఆయన కోపం ఒక పూట. రేపు ఆయన వచ్చాక ఇద్దరూ కలిసి ప్రిన్సిపల్‌ను కలవండి. ఆ టెలిగ్రామ్ గ్రూపు వివరాలతో జిల్లా ఇంటర్మీడియెట్ విద్యాధికారికి రాతపూర్వకంగా సమాచారం ఇవ్వండి. పంపిన ఐదొందలను ఇది వెనక్కి తిప్పదు, నేనలా హామీ ఇవ్వను. కానీ పరీక్షకు ముందే తప్పుకుని, తానే వచ్చి చెప్పిన కుర్రాడికీ, పరీక్ష అయ్యాక ఫోన్ లాక్కుంటే దొరికిన కుర్రాడికీ బోర్డు దగ్గరైనా, కోర్టు దగ్గరైనా తేడా ఉంటుంది.

సైబర్ మోసానికి 1930కి ఫోన్ చేయొచ్చు, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. కాకపోతే ఒక జాగ్రత్త: ‘లీక్ పేపర్ కోసం డబ్బు పంపాను’ అని నీ చేత్తో నువ్వే రాసి ఇస్తున్నావు. అబద్ధం రాయమనడం లేదు, ఆ కాగితం ఒక వకీలు చూశాకే వెళ్లాలంటున్నాను. విద్యాధికారికి ఇచ్చే కాగితానికీ అదే మాట. ఫీజు భారమనుకుంటే 15100కి చేయండి, అది న్యాయ సేవాధికార సంస్థల నంబర్. హనుమకొండలోనూ ఆ సంస్థ ఉంది, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

రూమ్మేట్లు ఇప్పటికే నీకేమైనా డబ్బు ఇచ్చి ఉంటే ఎవరిది వాళ్లకు ఫోన్‌పేలోనే తిప్పి పంపు. చేతికివ్వకు, తిరిగిచ్చావనడానికి ఆధారం మిగలదు.