అడ్మిట్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు

ప్రశ్న: సార్, ఈ వారంలోనే మా అమ్మాయికి జేఈఈ మెయిన్ రెండో విడత పరీక్ష. అడ్మిట్ కార్డులో పేరు CHINTHALA SAI KEERTHANA అని, ఆధార్‌లో CH SAI KEERTHANA అని ఉంది. గేటు దగ్గరే ఆపేస్తారని ఎవరో చెప్పారట. నోటరీతో అఫిడవిట్ చేయిస్తే చాలా, గెజిట్‌లో వేయించాలా? ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు గెజిట్ మాట మరిచిపోండి. మీ అమ్మాయి పేరు మార్చుకోలేదు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరాలతో పడిందంతే. మన పిల్లల్లో సగం మందికి ఈ తేడా ఉంటుంది. పరీక్ష కేంద్రంలో ప్రధానంగా చూసేది కార్డు మీది ఫొటో, గుర్తింపు కార్డు ఫొటో, ఎదురుగా నిలబడ్డ ముఖం ఒకటేనా అని. ఒకరి బదులు మరొకరు రాయకుండా పట్టుకోవడం వాళ్ల పని.

అయినా అక్కడ వాదనకు తావివ్వకూడదు. అందుకు మీ ఇంట్లోనే ఒక కాగితం ఉంది: ఇంటర్ హాల్ టికెట్. ఫొటో ఉన్న పన్నెండో తరగతి బోర్డు హాల్ టికెట్‌ను, జేఈఈ నిర్వహించే ఎన్‌టీఏ గుర్తింపు కార్డుల జాబితాలో చేర్చింది. పదో తరగతి మెమోలోని పేరే సాధారణంగా ఇంటర్‌లోకి వస్తుంది కాబట్టి అడ్మిట్ కార్డులోని పేరుతో అది అక్షరం పొల్లుపోకుండా కలిసే అవకాశం ఎక్కువ. ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. కలిస్తే అదే చేతికివ్వండి, ఆధార్‌ను తోడుగా ఉంచండి. కలవకపోతే పాస్‌పోర్టో, కాలేజీ గుర్తింపు కార్డో చూడండి. ఏదైనా అసలుదే కావాలి. జిరాక్సు మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉన్నా, ఫోనులో ఫొటో ఉన్నా చెల్లదు. అఫిడవిట్ ఆ జాబితాలో లేదు. మనశ్శాంతికి చేయించుకుంటానంటే మీ ఇష్టం, గేటు తెరిచేది మాత్రం అది కాదు.

ఇంతకీ అడ్మిట్ కార్డు తప్పా, ఆధార్ తప్పా? మెమోలోనూ CHINTHALA అనే ఉంటే అడ్మిట్ కార్డులో దిద్దాల్సింది ఏమీ లేదు. మెమోలో CHINTALA అని ఉండి, దరఖాస్తులో ఒక H ఎక్కువ పడిందనుకోండి, అప్పుడు సంగతి వేరు. దరఖాస్తు నంబరు, కన్ఫర్మేషన్ పేజీ, మెమో జతచేసి jeemain@nta.ac.in కు ఈ రోజే రాయండి, హెల్ప్‌లైన్‌కూ ఫోన్ చేయండి. జవాబు రాలేదని పరీక్ష మానవద్దు. డౌన్‌లోడ్ చేసుకున్న కార్డుతోనే రాయాలని, రికార్డును తర్వాత సరిచేస్తామని ఎన్‌టీఏ సమాచార పుస్తకంలోనే ఉంది. కార్డు మీద పెన్నుతో దిద్దినా, కంప్యూటర్‌లో అక్షరం మార్చి ప్రింటు తీసినా చిన్న తేడా పెద్ద నేరమవుతుంది.

కార్డును తిప్పి చూస్తున్నారు కదా, పుట్టిన తేదీ, కేటగిరీ, ఫొటో కూడా కన్ఫర్మేషన్ పేజీతో సరిచూడండి. పొడి అక్షరాల కన్నా కేటగిరీ తప్పు ఖరీదైనది. ఇన్విజిలేటర్ ఎదుట చేయాల్సిన సంతకం చోటు ఇంట్లో ముట్టుకోవద్దు. ఉదయం షిఫ్టయితే 9 గంటల పరీక్షకు 8.30కే గేటు మూస్తారు. నిజంగా గేటు దగ్గర ఆగిపోయేది ఆ సమయానికి చేరనివాళ్లు.

ఇక కోపం తెచ్చుకోకండి, ఒక మాట అడుగుతాను. ఆ దరఖాస్తు నింపింది ఎవరు? కాలేజీ ఆఫీసులోనో నెట్ సెంటర్‌లోనో ఎవరో నింపి ఉంటారు. కన్ఫర్మేషన్ పేజీ వచ్చిన రోజు మీరు చూశారా? సవరణలకు గడువు ఇచ్చినప్పుడైనా? జేఈఈ, ఎప్‌సెట్, బిట్‌శాట్, ప్రైవేటు యూనివర్సిటీల పరీక్షలు, ఒకటి పోతే ఒకటి ఉంటుందని అన్నిటికీ కట్టించడం ఇప్పుడు మోజయింది. ఈ పద్ధతి మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఒక్కో దరఖాస్తు ఒక్కొక్కరు నింపుతారు. ఒకదానిలో ఇంటిపేరు ముందు, ఇంకోదానిలో చివర, మరోదానిలో అసలు ఉండదు. ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తుందో కూడా తండ్రికి తెలియదు. పిల్లకు ఏ కోర్సు ఇష్టమో అడిగి రెండు మూడు పరీక్షలు ఎంచుకుని, మెమో ముందు పెట్టుకుని మీరే కూర్చుని నింపితే ఈ వారం హాయిగా నిద్రపోయేవారు. లక్షల్లో ఫీజు కట్టిన మీకు ఆ అరగంట దొరకలేదా?

సరే, అమ్మాయి ముందు ఈ చర్చ ఆపండి. తనకు హాల్ టికెట్ ఫైలు చేతికిచ్చి, "చూసుకున్నాం, ఇబ్బంది లేదు" అనండి. పరీక్షయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, మెమోలో ఉన్నట్టే పెట్టించండి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు, అందుకని రసీదు మీద స్పెల్లింగ్ చూసుకున్నాకే కౌంటర్ నుంచి కదలండి. మెమో జోలికి మాత్రం వెళ్లకండి.